కరణంగారు చెప్పారు, తాత చెప్పాడు

మర్యాదంతా ‘గారు’లోనే ఉంటుందని నేను చాలాకాలం నమ్మాను. తెలుగు పండితుడిగా ఉద్యోగమంతా గుడివాడ, బందరు చుట్టుపక్కల బడుల్లోనే చేశాను. శుభలేఖ అచ్చు వేయించేవాళ్ళు ‘శ్రీ’ ఎక్కడ పెట్టాలి, ‘చి॥’ ఎవరికి, ‘చి॥ల॥సౌ॥’ ఎవరికి అని అడగడానికి నా దగ్గరికే వచ్చేవారు. తల్లిదండ్రులిద్దరి పేర్లూ కలిపి రాస్తే ఒక్కొక్కరికీ విడిగా గారు అక్కర్లేదనీ, చివర ‘గార్ల కుమార్తె’ అంటే ఇద్దరికీ సరిపోతుందనీ చెప్పేవాణ్ణి. గుళ్ళో ఉన్న తల్లి అమ్మవారు, ఇంటి యజమానురాలు అమ్మగారు, మోపిదేవిలో కొలువున్నది స్వామివారు, ఈ మాటల్ని అటూ ఇటూ మార్చకూడదని పిల్లలకి చెప్పేవాణ్ణి. ఇదంతా తెలిసిన నేను దివిసీమ ఉప్పెన జ్ఞాపకాలతో ఒక చిన్న పుస్తకం తయారుచేస్తూ చేసిన తెలివితక్కువ పని ఇప్పటికీ నన్ను వదల్లేదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. నాగాయలంక, కోడూరు వైపు సముద్రం ఊళ్ళ మీదకి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. ఆ రాత్రి చూసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారని, ఉన్నవాళ్ళ మాటలైనా రాసిపెట్టాలని ఉద్యోగ విరమణ తరవాత తిరగడం మొదలుపెట్టాను. వేటకెళ్ళే పెద్దవాళ్ళు, పొలం కూలికెళ్ళే ఆడవాళ్ళు, చిన్న బడ్డీ పెట్టుకున్నవాళ్ళు, అప్పట్లో ఊరి కరణీకం చేసినాయన, ఒక రిటైరైన డాక్టరు, ఇలా ఎవరు మాట్లాడితే వాళ్ళ మాట రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి కాయితం మీద పెట్టేవాణ్ణి. మధ్యమధ్యలో నా మాటగా ఒకటో రెండో వాక్యాలు కలిపేవాణ్ణి. ఫలానావారు ఆ రాత్రి ఎక్కడున్నారు, ఎలా బయటపడ్డారు అని.

రాతప్రతి టైపు చేయించడానికి అవనిగడ్డలో డీటీపీ చేసే ఒక అమ్మాయికి ఇచ్చాను. నా పుస్తకంలో మాట్లాడిన ఒక పెద్దాయన ఆ అమ్మాయికి తాత. ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికిన మనిషి. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు.

కొన్ని పేజీలు అయ్యాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. “మేష్టారూ, ఒక్క మాటండి. కరణంగారి దగ్గర ‘చెప్పారు’ అని ఉందండి. డాక్టరుగారి దగ్గరా అంతేనండి. తాత దగ్గరేమో ‘చెప్పాడు’ అని ఉంది. ఇలాగే కొట్టేయమంటారా?”

నేను ఆగి ఆలోచించలేదు. “వాడుక అలాగే కదమ్మా, సహజంగా ఉంటుంది, అలాగే కొట్టెయ్యి” అన్నాను. “సరేనండి” అని పెట్టేసింది.

వాడుక అనే మాట వెనక దాక్కోవడం పండితులకి అలవాటు. గ్రాంథికాన్ని కాదని వ్యావహారికాన్ని సమర్థించిన తరంవాళ్ళ దగ్గర చదువుకున్నాను కాబట్టి, జనం ఎలా అంటే అలా రాయడమే న్యాయమని నా నమ్మకం. కాని ‘తాత చెప్పాడు’ అన్నది జనం మాట కాదు, నా మాట. కథనంలో నేను కలిపిన వాక్యం. ఆయన కంటే నేను పదిహేనేళ్ళు చిన్న. ఆయన ఎదురుగా కూర్చుని ‘మీరు’ అనే మాట్లాడాను. ఇంటికొచ్చి కాయితం మీద పెట్టేసరికి ‘చెప్పాడు’ అయింది. అదే రోజు ఎదురుగా ‘మీరు’ అనిపించుకున్న కరణంగారు కాయితం మీద కూడా ‘చెప్పారు’గానే ఉన్నారు. కరణీకాలు 1984లో రద్దయ్యాయి. నా కాయితాల్లో మాత్రం కరణంగారి హోదా చెక్కుచెదరలేదు.

ప్రూఫులు వచ్చాక నాగాయలంకలో ఒక ఇంటి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చదివించాం. తమ మాట సరిగ్గా పడిందో లేదో వాళ్ళే వినాలని నా ఉద్దేశం. చాలామందికి చదువు రాదు. ఆ అమ్మాయే చదివింది. నేను పక్కన రెండో కాపీ పెట్టుకుని వాక్యం వెంబడి వేలు జరుపుతున్నాను. తాత పేజీ వచ్చింది. అచ్చులో ‘చెప్పాడు’ ఉన్నచోట ఆ అమ్మాయి ‘చెప్పారు’ అని చదివింది. ‘ఎక్కాడు’ ఉన్నచోట ‘ఎక్కారు’ అంది. ‘వాడి పడవ’ అని నేనెక్కడో రాశాను, దాన్ని ‘ఆయన పడవ’ అని చదివింది. తలెత్తి నా వైపు చూడలేదు, గొంతు మార్చలేదు. తాత వింటున్నాడు. ఆయనకి ఏమీ తెలియలేదు. వేలి కింద అక్షరాలు ఒకలా, చెవిలో మాటలు ఒకలా ఉంటే ఎంత సిగ్గుగా ఉంటుందో నాకు ఆ అరుగు మీద తెలిసింది.

ఆ రాత్రి బందరు వచ్చేసి, రాతప్రతి మొదటినుంచీ తిరగేశాను. గారు ఎవరికి పెట్టాను, ఎవరికి పెట్టలేదు అని చూడబోతే, పోయింది గారు ఒక్కటే కాదని తేలింది. మన భాషలో మర్యాద పేరు చివర అతికించిన ముక్కలో ఆగదు. గారు బహువచనం. అది వచ్చిందంటే క్రియ కూడా దాని వెంట ‘-ఆరు’గా మారాలి. సర్వనామం మారాలి, ‘వాడు’ పోయి ‘ఆయన’ రావాలి. ‘ముసలివాడు’ పోయి ‘పెద్దాయన’ రావాలి. ‘ఒడ్డున ఉన్నవాడు’ ‘ఒడ్డున ఉన్న ఆయన’ కావాలి. పేరు ఎత్తకపోయినా వాక్యం ఎవరి గురించో, ఆ మనిషిని రాసినవాడు ఏ మెట్టు మీద నిలబెట్టాడో క్రియ చెప్పేస్తుంది. మన పత్రికలు చూడండి. ముఖ్యమంత్రి పేరు పక్కన గారు వెయ్యవు, కాని ‘ప్రకటించారు’ అంటాయి. నేరం మోపబడినవాడి పేరు పక్కన కూడా గారు ఉండదు, క్రియ ‘పారిపోయాడు’. గారు లేకపోవడం ఇద్దరికీ సమానమే, తేడా అంతా క్రియలో ఉంది. నేను నా పుస్తకంలో, ఉప్పెనకి ఇల్లూ పిల్లల్నీ పోగొట్టుకున్న మనిషికి నిందితుడి క్రియ వేశాను.

ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఘోరం. వ్యాకరణ పాఠంలో మహద్వాచకం, అమహద్వాచకం అని ఎన్నిసార్లు చెప్పానో. మగవాడికి ‘వచ్చాడు’, ఆడమనిషికి ‘వచ్చింది’, ఆవుకీ ‘వచ్చింది’, వానకీ ‘వచ్చింది’. ఏకవచనంలో తెలుగు స్త్రీ పశువుల, వస్తువుల క్రియ పంచుకుంటుంది. బహువచనంలో మాత్రం ‘ఆడవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి’ అని విడిపోయి మనుషుల వరసలోకి వస్తుంది. ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకునేవాణ్ణి. ఇందులోంచి పుట్టే ఫలితాన్ని ఎప్పుడూ ఆలోచించలేదు. గౌరవ బహువచనం దొరికిన స్త్రీకే, ఒక్కరే అయినా, మనిషి క్రియ దొరుకుతుంది. ‘డాక్టరుగారి భార్య చెప్పారు’ అని రాశాను. ఆ పక్క పేజీలోనే కూలికెళ్ళే పెద్దామె ‘చెప్పింది’. రెండు పేజీల తరవాత ‘నీళ్ళల్లో గేదె కొట్టుకొచ్చింది’. ఆ పెద్దామె మాటకీ గేదె రాకకీ నేను వాడిన క్రియ ఒకటే.

ఇంట్లో ‘అమ్మ చెప్పింది’ అంటాం, అది తక్కువ చేయడం కాదని నాకు తెలుసు. ఆ టైపు అమ్మాయి కూడా ఇంట్లో ‘మా తాత చెప్పాడు’ అనే అంటుంది, మా ప్రాంతంలో రైతుల ఇళ్ళల్లోనూ వేట ఇళ్ళల్లోనూ ‘నాన్న వచ్చాడు’ అన్నదే ముద్దు. కొన్ని ఇళ్ళల్లో నాన్నగారు వస్తారు, కొన్ని ఇళ్ళల్లో నాన్న వస్తాడు, ప్రేమలో తేడా ఏమీ లేదు. కాని మనవరాలి నోట్లో ‘చెప్పాడు’ దగ్గరతనం. బయటినుంచి వెళ్ళిన నా కలంలో అదే ‘చెప్పాడు’ హోదా కొలత. రెండిటికీ అక్షరాలు ఒకటే కాబట్టి వాడుక అని సర్దుకున్నాను.

పేర్ల దగ్గర కూడా ఇలాగే చేశాను. మన పేర్లలోనే గౌరవం కలిసి ఉంటుంది. వెంకటేశ్వర్లు, ఆంజనేయులు అనే పేర్ల చివరి ‘లు’ గౌరవ బహువచనమే. వెంకయ్య, సుబ్బమ్మ అనేవాటిలో అయ్య, అమ్మ ఉన్నాయి. ఆసామి ఇంట్లో ఆ పేరు పెట్టుకున్నవాడికి దాని మీద ఇంకో గారు చేరుతుంది, ‘వెంకటేశ్వర్లుగారు’ అవుతాడు. పాలేరు ఇంట్లో అదే పేరు పెట్టుకున్నవాడికి ముందు ‘లు’ ఊడుతుంది, తరవాత పేరు సగానికి తెగుతుంది, చివర ‘గాడు’ చేరుతుంది. వెంకటేశ్వర్లు ‘ఎంకటేసుగాడు’ అవుతాడు. గారు, గాడు మధ్య తేడా ఒక్క అక్షరమే. ఊరి రెండు కొసల్లో ఒకే దేవుడి పేరు పెట్టుకున్న ఇద్దరు మనుషుల మధ్య ఎంత దూరం ఉందో ఆ అక్షరం చెబుతుంది. నేను ‘గాడు’ అని ఎక్కడా రాయలేదు, అంతవరకు జాగ్రత్త ఉంది. కాని ఊళ్ళో జనం ఎలా పిలుస్తారో అదే పేరు వేశాను. కాబట్టి కరణంగారి పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా పడింది, పల్లెపాలెంవాళ్ళ పేర్లు తెగిన ముక్కలుగా పడ్డాయి. ఓటరు గుర్తింపు కార్డు అడిగి ఉంటే పూర్తి పేరు తెలిసేది. అడగాలని తోచలేదు.

తప్పు తెలిశాక చేసిన దిద్దుబాటు ఇంకో తెలివితక్కువ పని. అందరికీ గారు పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. కంప్యూటర్లో పేరు వెతికి, దాని చోట గారు చేర్చిన పేరు పెట్టెయ్యమని ఆ అమ్మాయికి చెప్పాను. “మేష్టారూ, విభక్తులు పాడవుతాయేమోనండి” అంది. వినలేదు. రామయ్య అనే పేరు మీద ఏం జరుగుతుందో చూడండి. ‘రామయ్యకి తాడు దొరికింది, రామయ్యని చెట్టుకి కట్టారు, రామయ్య చెప్పాడు’ అని ఉందనుకుందాం. యంత్రం మార్చాక ‘రామయ్యగారుకి తాడు దొరికింది, రామయ్యగారుని చెట్టుకి కట్టారు, రామయ్యగారు చెప్పాడు’ అయింది. విభక్తి చేరేటప్పుడు గారు ‘గారి’ అవుతుంది, ‘గారికి, గారిని’ అనాలి. పేరు కదలదు, మార్పంతా గారు మీద పడుతుంది. అల్లుడుకి గారు చేరితే ‘అల్లుడుగారికి’ అంటామే తప్ప ‘అల్లుడిగారుకి’ అనం కదా. ఇది యంత్రానికి తెలియదు, నాకు తెలుసు. ఇక చివరి వాక్యం అన్నిటికంటే బాధ. ముందు గారు, వెనక ‘చెప్పాడు’. పైకి మర్యాద, లోపల పాత కొలత అలాగే ఉంది.

దాంతో ఆగలేదు. వాళ్ళు స్వయంగా మాట్లాడిన మాటల్లో కూడా గారు చొరబడింది. ఒక పెద్దాయన తన చనిపోయిన తమ్ముణ్ణి తలుచుకుంటూ మాట్లాడిన చోట ఆ తమ్ముడి పేరుకి గారు చేరింది. అన్న నోట తమ్ముడికి గారు. ఆ మాట మళ్ళీ చదివితే ఏడుపు పోయి ఏదో ఉపన్యాసంలా ఉంది. గారు దూరాన్ని కూడా తెస్తుందని అక్కడ కళ్ళకి కట్టింది. జనం తమకి కావలసినవాళ్ళని ఎలా పిలుచుకుంటారో చూస్తే ఇది అర్థమవుతుంది. గుడివాడ చుట్టుపక్కలే పుట్టిన ఇద్దరిని తీసుకోండి. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావుని జనం ‘అన్నగారు’ అన్నారు, వరసకి గారు చేర్చి దగ్గరితనాన్నీ మర్యాదనీ రెండిటినీ నిలుపుకున్నారు. చౌటపల్లిలో పుట్టిన ఘంటసాలని ఉత్త ఇంటిపేరుతో ‘ఘంటసాల’ అంటారు, గారు లేదు, అయినా అందులో అగౌరవం అణువంత లేదు. పాట తెలిసినవాళ్ళు ‘మాస్టారు’ అంటారు. గారు ఉందా లేదా అని లెక్క చూసి గౌరవం తేల్చలేం.

అన్నిటికంటే చెప్పడానికి నోరు రానిది చనిపోయినవారి జాబితా. పుస్తకం చివర ఆయా కుటుంబాలవాళ్ళు చెప్పిన పేర్లు వేశాను. పెద్దవాళ్ళలో కొందరికి ‘కీ॥శే॥’ పెట్టాను, కొందరికి పెట్టలేదు. ఎవరికి పెట్టానో మీరు ఊహించగలరు. పిల్లల పేర్లు వచ్చేసరికి, జీవితమంతా శుభలేఖలు దిద్దిన చెయ్యి అలవాటుగా వాళ్ళ పేర్ల ముందు ‘చి॥’ వేసింది. చిరంజీవి అని. ఉప్పెనలో పోయిన పిల్లల ముందు. ఒక తల్లి ముందు ఆ పేజీ చదివే లోపల టైపు అమ్మాయి ఆపింది. ఆవిడ ముందు అది చదివి ఉంటే నేను ఈ పుస్తకం అచ్చు వేసేవాణ్ణి కాదు.

చివరికి మొత్తం చేత్తో దిద్దాను. ఏం చేశానో చెబుతాను, ఇలాంటి పని పెట్టుకున్నవాళ్ళకి పనికొస్తుంది. నా గొంతుతో రాసిన వాక్యాల్లో, పెద్దవాళ్ళెవరైనా సరే, ఆడైనా మగైనా, క్రియ ‘-ఆరు’తోనే ముగించాను. పేర్లకి ఎవరికీ గారు పెట్టలేదు, కరణం చేసినాయనకి కూడా. ఆ పేజీలో ‘అప్పట్లో కరణం’ అని ఉద్యోగం రాశాను, అది మర్యాద కాదు, వివరం. మొదటిసారి వచ్చినప్పుడు అందరికీ ఇంటిపేరుతో పూర్తి పేరు వేశాను. పూర్తి పేరు కోసం మళ్ళీ ఊళ్ళకి వెళ్ళాను, కార్డు చూసి రాసుకున్నాను. కొందరి విషయంలో నాకు తెలిసిన ముక్కకీ కార్డులో ఉన్నదానికీ పోలికే లేదు. ఎవరైనా స్వయంగా మాట్లాడిన మాటల్లో మాత్రం ఒక్క అక్షరం ముట్టుకోలేదు. వాళ్ళు ‘కరణంగారు వచ్చారు’ అంటే అలాగే ఉంది, ‘మా తమ్ముడు పోయాడు’ అంటే అలాగే ఉంది. ఆ కాలం ఎవరు ఎవరిని ఏమనేవారో ఆ మాటల్లోనే తెలియాలి, దాన్ని నా సంస్కారంతో కడిగెయ్యడం అబద్ధం అవుతుంది. చనిపోయినవారి జాబితాలో కీ॥శే॥లూ చి॥లూ అన్నీ తీసేశాను. పేరు, వయసు, ఊరు, అంతే.

దీనికీ పరిమితులు ఉన్నాయి. ఒక పెద్దామెకి సవరించిన పేజీ చదివి వినిపిస్తే, “నన్ను ‘చెప్పారు’ అంటున్నావేంటయ్యా, నేనేమైనా ఆఫీసరమ్మనా” అంది. ఆవిడకి అది పరాయిగా తోచింది. ఆవిడ పేరులో అమ్మ ఉంది, దాన్ని పూర్తిగా పెట్టి, క్రియ అలాగే ఉంచాను. ఆవిడ ఇష్టం ప్రకారం ‘చెప్పింది’ అని మార్చి ఉండాల్సిందా అని ఇప్పటికీ సందేహం ఉంది. కాని ఒక్కరికి మారిస్తే, చదివే బయటివాడికి మళ్ళీ పాత మెట్లే కనిపిస్తాయని చెప్పి, ఒప్పుకోమని అడిగాను. “నీ ఇష్టం బాబూ” అంది.

గ్రామ చరిత్రలు, బడి స్వర్ణోత్సవ సంచికలు, కులసంఘాల సావనీర్లు, ఇళ్ళల్లో వంశవృక్షాలు మన దగ్గర ఏటా ఎన్నో అచ్చవుతున్నాయి. అవి రాసేవాళ్ళని ఒకటి కోరుతున్నాను. అచ్చుకి ఇచ్చేముందు పేర్ల మీద చెయ్యి అడ్డం పెట్టి, క్రియల్ని మాత్రం చదవండి. ‘చెప్పాడు’, ‘చెప్పింది’, ‘చెప్పారు’ చూసి ఎవరు ఆసామో, ఎవరు పాలేరో, ఎవరి పెళ్ళాం ఎవరో మీకు తెలిసిపోతుంటే, ఆ ప్రతి ఇంకా అచ్చుకి ఇవ్వకండి.